ఉచిత వైద్య శిబిరం: డీఎంహెచ్‌ఓ ఆఫీసు నుంచి లేఖ రెండుసార్లు వెనక్కి వచ్చింది

లక్ష్మి: మా చిన్న సంస్థ తరఫున ఊరి హైస్కూల్లో ఒక ఆదివారం బీపీ, షుగర్ శిబిరం పెడతామని లేఖ ఇచ్చాం. ఇద్దరు డాక్టర్లు వస్తారు, జనం 200 మంది దాకా ఉంటారు. 'వివరాలు చాలవు' అని రెండుసార్లు తిప్పి పంపారు. ఏం రాయాలండీ? స్కూలు వాడుకోవడానికి కూడా వాళ్లే అనుమతిస్తారా?

రిటైర్డ్ సూపర్‌వైజర్: ఇలాంటి లేఖలు వందల్లో చూశానమ్మా. మొదటి పేజీ అంతా సంస్థ చేసిన సేవలే ఉంటాయి. ఆఫీసరు చూసేది మూడే: ఎవరు చూస్తున్నారు, ఏం మందు ఇస్తున్నారు, ఎవరికైనా ప్రాణం మీదికొస్తే ఎక్కడికి పంపుతారు. డాక్టర్ల మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్లు, వాళ్ల సంతకంతో ఒప్పుకోలు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీతో మందుల జాబితా పెట్టండి. వాడిన సూదులు ఎవరికి అప్పగిస్తారో కూడా రాయండి.

శ్రీను: షుగర్ టెస్టు సూదులకు కూడా లెక్కా? బయోమెడికల్ రూల్స్ ఆసుపత్రులకండీ, శిబిరాలకు కాదు. ఊరికే భయపెట్టకండి.

రిటైర్డ్ సూపర్‌వైజర్: 2016 రూల్స్ చదవండి శ్రీను గారూ. వైద్య శిబిరాలను పేరు పెట్టి చేర్చారు. సూది గుచ్చుకోని తెల్ల డబ్బాలో లాన్సెట్లు, పసుపు సంచిలో నెత్తురంటిన దూది.

శ్రీను: పదేళ్లుగా శిబిరాలు పెడుతున్నా, ఒక్కరూ అడగలేదు.

అనూష (స్టాఫ్ నర్సు): అడగలేదంటే తప్పు కాదని కాదు! మొన్న ఒక శిబిరం అయ్యాక స్కూలు ఆయమ్మ ఊడుస్తుంటే లాన్సెట్ వేలికి దిగింది. ఎవరి నెత్తురో తెలియదు. నెలల తరబడి టెస్టులు, టెన్షన్. ఆ డబ్బా ఎంత ఖరీదని?

శ్రీను: సరే, ఆ డబ్బా పెడతాను. కానీ నింపాక ఎక్కడ పడేయాలి? చెత్త బండి వాళ్లు తీసుకోరు.

అనూష: పీహెచ్‌సీకి వచ్చే వ్యర్థాల బండికే. 'మీ శిబిరం వ్యర్థాలు మేం తీసుకుంటాం' అని పీహెచ్‌సీ డాక్టరు గారితో ముందే రెండు లైన్లు రాయించుకుని లేఖకు జతచేయండి.

రమణ: రక్తదానం శిబిరానికి బ్లడ్ బ్యాంకు వాళ్లే అన్నీ తెస్తారుగా?

అనూష: ఇది రక్తదానం కాదండీ.

వెంకట్: మా నాన్నకు ఒక శిబిరంలో 15 రోజుల బీపీ మాత్రలిచ్చారు. అయిపోయాక ఆయన మానేశారు, మూడో నెలలో పక్షవాతం. లక్ష్మి గారూ, 16వ రోజు మందు ఎక్కడ దొరుకుతుందో చీటీ మీద రాసి ఇవ్వండి. పీహెచ్‌సీలో పేరు రాయించండి.

లక్ష్మి: వెంకట్ గారూ, తప్పకుండా. మూడో లేఖలో ఇలా రాశాను: 'బీపీ, షుగర్ ఉన్నట్టు తేలినవారి పేర్ల జాబితా అదే రోజు సాయంత్రం పీహెచ్‌సీకి అందజేస్తాం. అత్యవసరమైతే 108 ద్వారా ఏరియా ఆసుపత్రికి పంపుతాం.' సరిపోతుందా?

రిటైర్డ్ సూపర్‌వైజర్: బాగుంది. శాంపిల్ మందులు మాత్రం జాబితాలో లేకుండా పంచకండి.

శ్రీను: శాంపిల్సే కదా పేదవాళ్లకు దిక్కు! వాటినీ వద్దంటే ఎలా?

రిటైర్డ్ సూపర్‌వైజర్: వద్దనలేదు, జాబితాలో రాయమన్నాను.

లక్ష్మి: స్కూలు సంగతి ఎవరూ చెప్పలేదు. హెడ్‌మాస్టరు గారిని అడగాలా, ఎంఈఓ గారినా?