కొట్టేసిన మాట అవతలివాళ్లకు కొట్టేసినట్టు కనిపించకపోతే?

కొత్తపేజీ: నోటీసులో తప్పు దిద్దితే పాత మాటను రెండేసి ~ గుర్తుల మధ్య పెట్టి కొట్టేస్తాను. కొందరికి గీత కనిపించడం లేదట. మరేం చేయాలి?

పాతకలం: ఇలా గుర్తులతో రాతను తీర్చే పద్ధతి మార్క్‌డౌన్, దాని మొదటి రూపంలో ఈ గీత లేనే లేదు, తర్వాత కొందరు చేర్చుకున్నదే. అందుకే ఒకచోట రెండు ~ కావాలి, వాట్సాప్‌లో ఒకటి చాలు, మామూలు మెయిల్‌లో గుర్తులు అలాగే మిగిలిపోతాయి. అసలు ప్రమాదం కాపీ చేసినప్పుడు. గీత పోయి "గడువు 12 15వ తేదీ" అని మిగులుతుంది. ఏది రద్దయిందో ఎలా తెలుస్తుంది? మాటల్లోనే రాయండి:

```
గడువు: 15వ తేదీ (ముందు 12 అని రాశాం, అది తప్పు)
```

తెరచాప: అంత అక్కర్లేదు. ప్రతి అక్షరం తర్వాత U+0336 అనే అడ్డగీత యూనికోడ్ గుర్తు పెడితే గీత అక్షరంతోనే వెళ్తుంది. కాపీ చేసినా పోదు.

పాతకలం: పోదు, నిజమే. కానీ 1కీ 2కీ మధ్య ఒక గుర్తు దూరుతుంది కాబట్టి "12" అని వెతికితే చాలాచోట్ల దొరకదు. తెలుగులో ఒత్తులు, గుణింతాల దగ్గర గీత చెదిరిపోతుంది. ఒకసారి "రద్దు" మీద పెట్టి చూడండి.

చిన్నమాట: నా బాధ వేరు. వాక్యం కింద --- పెడితే అడ్డగీత రాలేదు, పై వాక్యమే శీర్షికైపోయింది!

పాతకలం: మధ్యలో ఒక ఖాళీ లైను వదలండి. ఖాళీ లేకపోతే దాన్ని శీర్షిక గుర్తుగా తీసుకుంటుంది. ఎదుటివాళ్ల మాటను చూపే > గుర్తుతోనూ ఇదే చిక్కు. ఖాళీ లైను లేకుండా కింద మీ జవాబు రాస్తే అదీ ఎదుటివాళ్ల మాటలో కలిసిపోతుంది. "ఆయన అడిగింది:", "నా జవాబు:" అని రాస్తే గుర్తు పనిచేయకపోయినా ఎవరి మాటేదో తెలుస్తుంది.

తెరచాప: మీరు గుర్తుల దగ్గరే ఆగిపోయారు. మా ఆఫీసులో పై అధికారి పాత గడువును తీసేసి కొత్తది పెట్టి, ఆలస్యం నాదేనన్నారు. గీత ఉండుంటే నా దగ్గర రుజువు ఉండేది. నాకు కావాల్సింది అందం కాదండీ!

పాతకలం: ముందే చెప్పాల్సింది. అయినా గీత రుజువు కాదు, దాన్నీ తీసేయొచ్చు. "3వ తేదీన మార్చాం, ముందు 12" అని తేదీతో రాస్తే పాతదీ ఉంటుంది, ఎప్పుడు మారిందో కూడా ఉంటుంది.

తెరచాప: ఆ వాక్యాన్నీ తీసేయొచ్చుగా?

పాతకలం: తీసేయొచ్చు. అందుకే మార్పును విడిగా మెయిల్‌లో కూడా పంపమంటాను.

కొత్తపేజీ: ఒకే నోటీసులో 5 చోట్ల మారితే? ప్రతిచోటా "ముందు ఇలా" అంటే చదవలేరు.

పాతకలం: పైన "దిద్దుబాట్లు" అని ఒకేచోట పెట్టండి. లోపల సరైనదే ఉంచండి.

తెరచాప: పైన పెట్టింది నేరుగా కిందికి వెళ్లేవాళ్ల కంట పడదు. మారినచోటే ఉండాలి, నేను ఒప్పుకోను.