పొడుగాటి మెయిల్ ఫోన్‌లో చదివేలా ఎలా రాయాలి? మా అపార్ట్‌మెంట్ సమస్య

బ్లాక్‌బి_సెక్రటరీ: మా అపార్ట్‌మెంట్‌లో 64 ఫ్లాట్లు. ఈ ఏడాది సెక్రటరీ బాధ్యత నాది. పోయిన నెల సంపు కడిగించే ముందు అందరికీ మెయిల్ పెట్టాను. శనివారం పొద్దున నీళ్లు ఆపగానే ఫోన్లు మొదలయ్యాయి. మూడో అంతస్తులో పసిబిడ్డ తల్లి ఒకావిడ బకెట్ పట్టుకుని కిందికి వచ్చి, "మెయిల్ చూశానండీ, నీళ్లు ఆపుతారని ఎక్కడ రాశారు?" అని అడిగారు. రాశాను, రెండో పేరా చివర్లో. ఆవిడ ఫోన్ తీసి చూపిస్తే నాకే కనబడలేదు. నా ల్యాప్‌టాప్‌లో ఆరు లైన్లున్న పేరా అక్కడ స్క్రీన్ నిండా ఉంది. వచ్చే ఆదివారం ట్యాంకు పైపులు మారుస్తున్నాం. ఈసారి ఎవరికీ ఇబ్బంది కలగకూడదు. ఎలా రాయాలి?

నెల్లూరు_శ్రీను: అక్షరాలు పెద్దవి చేయండి అన్నా. మా నాన్నగారికి అలాగే పంపిస్తాను, హాయిగా చదువుకుంటారు.

పద్మ_వరంగల్: శ్రీనుగారూ, ఆయన అడిగింది చూపు గురించి కాదు, వెతుక్కోవడం గురించి. అక్షరం పెద్దదైతే పేరా ఇంకా పొడుగవుతుంది. నా సలహా ఒకటే: పేరాలు తీసేసి అంతా బుల్లెట్లలో పెట్టండి. మా ఆఫీసులో అదే పద్ధతి.

కంటెంట్_రవి: పద్మగారూ, సగం ఒప్పుకుంటాను. పన్నెండేళ్లుగా ఉద్యోగులకు నోటీసులు రాస్తున్నాను. అంతా బుల్లెట్లైతే ఏది ముఖ్యమో మళ్లీ తెలియదు. చదివేవాళ్లు చేయాల్సిన పనులే బుల్లెట్లలో పెట్టాలి. ఎందుకు, ఏమిటి అన్న కారణాలు ఒకదాన్నుంచి ఒకటి పుడతాయి కాబట్టి వాటికి రెండు మూడు వాక్యాల చిన్న పేరానే నయం. బుల్లెట్ కింద మళ్లీ బుల్లెట్ అసలు వద్దు. ఫోన్‌లో అది కుడివైపుకు జరిగిపోయి లైనుకు మూడు నాలుగు మాటలే మిగులుతాయి.

సెక్రటరీగారూ, మీ డ్రాఫ్ట్ ఇక్కడ పెట్టండి, చూద్దాం.

బ్లాక్‌బి_సెక్రటరీ: సబ్జెక్ట్ "ముఖ్య గమనిక" అని పెట్టాను. మొదలు ఇలా ఉంది:

> గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించిన ప్రకారం, ట్యాంకు పైపులు తుప్పు పట్టి తరచూ లీకవుతున్నందున, మూడు కొటేషన్లు పరిశీలించి పని అప్పగించామని, ఆ కారణంగా ఆదివారం ఉదయం 9 నుంచి సాయంత్రం 4 వరకు నీటి సరఫరా ఉండదని, ఒక్కో ఫ్లాటు 1,800 రూపాయలు 10వ తేదీలోపు చెల్లించాలని తెలియజేస్తున్నాము.

కంటెంట్_రవి: ఒకే వాక్యంలో నాలుగు సంగతులున్నాయి. ఫోన్‌లో మెయిల్ తెరవకముందే కనబడేది సబ్జెక్టూ, మొదటి లైనులో కొంతా. అక్కడ "గత సర్వసభ్య సమావేశంలో" అని ఉంటే తర్వాత చూద్దాంలే అని పక్కన పెడతారు. నేనైతే ఇలా రాస్తాను:

> ఆదివారం 9 నుంచి 4 వరకు నీళ్లు రావు
>
> ట్యాంకు పైపులు మారుస్తున్నాం. ఆదివారం ఉదయం 9 నుంచి సాయంత్రం 4 వరకు ఏ ఫ్లాటుకూ నీళ్లు రావు.
>
> మీరు చేయాల్సినవి:
> • శనివారం రాత్రే నీళ్లు పట్టి ఉంచుకోండి.
> • ఊరెళ్తుంటే కుళాయిలన్నీ కట్టేసి వెళ్లండి.
> • 10వ తేదీలోపు 1,800 రూపాయలు కట్టండి.
>
> పాత పైపులు తుప్పు పట్టి తరచూ లీకవుతున్నాయి. మూడు కొటేషన్లు చూసి పని అప్పగించాం.

కుళాయి మాట నేను చేర్చాను. తెరిచి వదిలేసిన కుళాయి నాలుగింటికి నీళ్లు రాగానే ఇల్లంతా ముంచుతుంది. ప్రతి బుల్లెట్‌లో ఒకే పని, చివర్లో క్రియ ఉండేలా చూడండి. బోల్డ్ ఎక్కడైనా వాడాలనుకుంటే రోజుకూ టైముకూ చాలు.

లక్ష్మి_టీచర్: నేను పిల్లల తల్లిదండ్రులకు పంపే మెయిల్ వర్డ్‌లో రాసి అతికిస్తే బుల్లెట్లు చిత్రంగా విడిపోయాయి. లైను మధ్యలోనే తెగి కిందికి వచ్చేసింది కూడా. ఎందుకంటారు?

కంటెంట్_రవి: రెండూ వేర్వేరు మేడమ్. వర్డ్ తన ఫార్మాటింగ్‌ని వెంట తెస్తుంది. జీమెయిల్‌ని బ్రౌజర్‌లో తెరిచి `Ctrl+Shift+V` తో అతికిస్తే ఒట్టి అక్షరాలే వస్తాయి. తర్వాత ఆ లైన్లు సెలెక్ట్ చేసి `Ctrl+Shift+8` కొడితే బుల్లెట్లు పడతాయి. లైను తెగడానికి కారణం మీరు ప్రతి లైను చివరా ఎంటర్ కొట్టడం అయి ఉండొచ్చు. పేరా అయ్యాకే కొట్టండి.

పద్మ_వరంగల్: డబ్బు సంగతి వేరే మెయిల్‌గా పంపితే మంచిదేమో? నీళ్ల విషయం చూసి మూసేస్తారు, 1,800 మర్చిపోతారు.

కంటెంట్_రవి: రెండు మెయిళ్లొస్తే రెండోది తెరవరని నా అనుభవం. కానీ మీ మాటలోనూ న్యాయముంది, తేల్చి చెప్పలేను.

బ్లాక్‌బి_సెక్రటరీ: నా ఫోన్‌కే పంపుకుని చూశాను. వేలు కదపకుండానే మూడు బుల్లెట్లూ కనబడ్డాయి. ఇప్పుడే ఆ మూడో అంతస్తు ఆవిడకు చూపించాను. చదివి, "మాది అద్దె ఇల్లు కదండీ, 1,800 మేమా, ఓనరా?" అన్నారు. ఆ బుల్లెట్‌లో "ఓనర్లు" అని చేర్చి రాత్రికి పంపుతున్నాను.