కొత్త ఊళ్లో నా జీతం పెరుగుతుంది, మా ఆయన ఉద్యోగం పోతుంది

చందనపువ్వు: వేరే నగరంలో ఉద్యోగం వచ్చింది. చేతికొచ్చే జీతం 40 శాతం ఎక్కువ. ఇప్పటి ఇంటి ఆదాయం 100 అనుకుంటే నాది 60, మా ఆయనది 40, అద్దె 15. అక్కడ అద్దె 27 అవుతుంది. ఆయన పదకొండేళ్లుగా ఒకే బడిలో లెక్కల టీచరు. ఐదేళ్ల పాపని సాయంత్రాలు మా అమ్మ చూసుకుంటుంది. వెళ్లాలా, వద్దా?

వెన్నెలవాన: అద్దె ఆదాయంలో మూడో వంతు దాటకూడదంటారు. మీ 84, ఆయన 40 కలిపితే 124. అందులో 27 అంటే 22 శాతమే కదా. వెళ్లిపోండి.

ఇంటిపెద్ద: కన్నతల్లిని ఈ వయసులో ఒంటరిగా వదిలేసి వెళ్లడమా? డబ్బు ఎప్పుడైనా సంపాదించుకోవచ్చు.

చందనపువ్వు: అమ్మకి నా అవసరం లేదండీ, నాకే అమ్మ అవసరం. తను హాయిగా ఉంది, వెళ్లమనే అంటోంది. నాలుగింటికి పాప బడి నుంచి వస్తే తలుపు తీసేది ఎవరన్నదే నా బెంగ.

లెక్కలపుస్తకం: వెన్నెలవాన గారూ, మీ 124లో ఇంకా రాని 40 ఉంది. ఆవిడ జీతం ఒక్కదాన్నే చూస్తే 84లో 27, అంటే 32 శాతం. అద్దె కట్టగలరా అన్నది ఒక ప్రశ్న, మిగిలేది పెరుగుతుందా అన్నది వేరే ప్రశ్న.

చందనపువ్వు గారూ, ఇప్పుడు అద్దె పోను మీకు 85 మిగులుతోంది. అక్కడ మీ ఒక్కరి జీతంతో 57. అంటే ఆయన 28 తేవాలి, అప్పుడుగానీ మీరు ఇప్పుడున్న చోటికి రారు. ఆయనకి పాత జీతమే దొరికినా, మొదటి ఏడాది మొత్తానికి నెలకి 28 చొప్పున తేవాలంటే దాదాపు ఎనిమిదిన్నర నెలలు పనిచేయాలి. ఉద్యోగం లేని ఖాళీ మూడున్నర నెలలు దాటితే మొదటి ఏడు నష్టమే. సామాను తరలింపు, అడ్వాన్సు ఇందులో కలపలేదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇది కాదు. కొత్త బడి పదకొండేళ్ల అనుభవాన్ని పూర్తిగా లెక్కేసుకోకుండా ఆయన్ని 28 దగ్గర మొదలుపెట్టిస్తే, మీ 40 శాతం పెరుగుదల మొత్తం అక్కడే ఆవిరైపోతుంది. ఖాళీ ఒక్క ఏడాది నష్టం, తగ్గిన జీతం ఏటేటా నష్టం. పాప సాయంత్రాలకి మనిషిని పెట్టుకుంటే అది ఇంకా పైన.

ఒక మాట మరీ ముఖ్యం. 1978లో జేకబ్ మిన్సర్ అనే ఆర్థికవేత్త దీన్నే రాశాడు: కుటుంబం మొత్తానికి లాభమైన వలసలో కూడా భార్యాభర్తల్లో ఒకరు నష్టపోవచ్చు, ఆ ఒకరు ఒంటరిగా ఉంటే ఆ ఊరు వెళ్లేవారే కాదు. కాబట్టి మొత్తం చూసి ఊరుకోకండి, ఆయన వాటా విడిగా రాసి చూడండి.

నడిచినదారి: మేం మధ్యదారి తొక్కాం. ఆయన ముందు వెళ్లారు, నేను ఆరు నెలల్లో వస్తానన్నాను. అవి రెండేళ్లయ్యాయి. రెండు అద్దెలు, నెలకి రెండు ప్రయాణాలు. ఆయన సూట్‌కేసు మంచం కింద తెరిచే ఉండేది, బట్టలు బీరువాలోకి ఎక్కలేదు. గడువు నోటిమాటగా పెట్టుకున్నాం, అదే మా తప్పు. "ఈ తేదీకి నాకు ఉద్యోగం రాకపోతే మీరు వెనక్కి వస్తారా?" అని ముందే అడగాల్సింది.

వెన్నెలవాన: ఒప్పుకుంటున్నా, 40ని ముందే కలిపేశాను. కానీ మూడేళ్లకో ఐదేళ్లకో ఆవిడ జీతం ఇంకా పెరగదా? ఇక్కడే ఉంటే ఆ మెట్టు దొరుకుతుందా?

లెక్కలపుస్తకం: అది న్యాయమైన ప్రశ్న. ఆ ఆఫీసులో ఆవిడ స్థానం నుంచి పైకి వెళ్లినవాళ్లు ఎంతమంది, ఎన్నేళ్లకు వెళ్లారన్నది అడిగితేనే తెలుస్తుంది. నాకు తెలియదు.

ఒక్కటి మాత్రం మీ చేతిలో ఉంది, చేరే తేదీ. బడుల్లో ఖాళీలు ఎక్కువగా కొత్త విద్యాసంవత్సరానికి ముందు పడతాయి. మధ్యలో వెళితే ఆయన నెలల తరబడి ఖాళీగా కూర్చోవాలి. రెండు మూడు నెలలు వాయిదా అడగండి, ఈలోగా ఆయన ఇక్కడి నుంచే దరఖాస్తులు పెట్టి, డెమో క్లాసులు ఇచ్చి రావచ్చు. వాళ్లు ఎంత జీతం ఇస్తామంటారో చూడండి. 28కి దగ్గరగా ఉంటే జీతం కోసమని వెళ్లకండి.

ఇంటిపెద్ద: నేను ప్రశ్న సరిగా చదవలేదమ్మా. అయినా ఐదేళ్ల పిల్లకి అమ్మమ్మ సాయంత్రాలు ఏ అంకెకీ లొంగవు.

చందనపువ్వు: అది నిజమే, ఆ గడి ఖాళీగానే వదిలేశాను. వాయిదా అడిగాను, ఆరు వారాలు ఇస్తామన్నారు. రాత్రి కాగితం మీద ఆయన వాటా విడిగా రాసి చూపించాను. చాలాసేపు చూసి, తొమ్మిదో తరగతి పిల్లలకి పరీక్షలయ్యేదాకా ఏమీ చెప్పలేనన్నారు. పరీక్షలు ఎనిమిది వారాల్లో ఉన్నాయి.