అప్‌డేట్: పీనట్ బటర్ లేబుల్ లెక్క తేలింది

నా ప్రశ్న: అమెరికా పీనట్ బటర్ డబ్బా మీద రెండు చెంచాలకు, అంటే 32 గ్రాములకు, కొవ్వు 16, కార్బ్స్ 8, ప్రొటీన్ 7 గ్రాములు, 190 కేలరీలు అని ఉంది. నేను లెక్కేస్తే 204 వస్తోంది. లేబుల్ తప్పా?

తప్పేం కాదండీ. అక్కడి నిబంధనల ప్రకారం 50 దాటిన కేలరీలను దగ్గరి పదికి, ప్రొటీన్‌ను దగ్గరి గ్రాముకు సవరించి వేస్తారు. కరగని పీచు కేలరీలను తీసేయొచ్చు కూడా. పైగా వేరుశనగలో సహజంగా ఉండే ప్రొటీన్ పరీక్షలో, రాసినదానికి 80 శాతం, అంటే 5.6 గ్రాములు తేలినా చాలు. కొవ్వు, కేలరీలు 20 శాతం దాకా ఎక్కువ ఉన్నా చెల్లుతుంది. చూసేది కూడా ఒక్క డబ్బా కాదు, 12 డబ్బాల సగటు. పంట, నేల మారితే గింజ మారుతుంది మరి.

అయితే అసలు దొంగ నా చెంచా! పటమటలో కొన్న చిన్న కాటా మీద పెడితే, నా 'రెండు చెంచాలు' 41 గ్రాములు తూగాయి. అంటే రోజూ 50 కేలరీల పైనే అదనం.

ఇప్పుడు తూచి, లేబుల్ అంకెనే రాస్తున్నా. ఒకే బ్రాండ్ తింటే దాని తేడా దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి, మూడు వారాల బరువు సగటు చూసి మొత్తం కేలరీల టార్గెట్‌నే మారుస్తా. ప్రొటీన్ మాత్రం ఓ పది గ్రాములు ఎక్కువే పెట్టుకున్నా.