అవతార్ చేత చెప్పించే స్క్రిప్టు: వాక్యాలు నరకాలా, పలికినట్టే రాయాలా, చేతులు ఎప్పుడు ఆడించాలి?

భీమవరం బైపాస్:
రొయ్యల రైతుల కోసం రెండు నిమిషాల వీడియోలు చేస్తున్నామండీ, చెప్పేది అవతార్, అంటే కంప్యూటర్ చేసిన మనిషి బొమ్మ. వాక్యం ఎనిమిది మాటలు దాటకూడదని మా టీమ్‌లో ఒకరంటారు. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ని చెప్పే `DO`, `pH` లాంటివి పలికినట్టే రాసేయమని ఇంకొకరు. ప్రతి వాక్యానికీ చేతి సైగ ట్యాగ్ ఉండాలని మూడో ఆయన. ఎవరి మాట వినాలి? నమూనాకి మా వాక్యం ఒకటి:

"తెల్లవారుజామున చెరువులో `DO` 4 పీపీఎం కంటే తగ్గినట్టు మీటర్లో కనిపిస్తే ఆ పూట మేత వేయకుండా ఏరేటర్లన్నీ ఆన్ చేసి రొయ్యలు పైకి తేలుతున్నాయేమో గట్టు చుట్టూ తిరిగి చూసుకుని తేలుతుంటే టెక్నీషియన్‌కి ఫోన్ చేయాలి."

ఉండి కాలువ:
ఎనిమిది మాటల రూలే కరెక్ట్. నేను అలాగే రాస్తాను. మీ వాక్యం ఇలా మార్చండి: "మీటర్ చూడండి. డీఓ తగ్గింది. మేత వేయకండి. ఏరేటర్లు ఆన్ చేయండి. గట్టు చుట్టూ తిరగండి. రొయ్యలు తేలుతున్నాయా చూడండి. ఫోన్ చేయండి." ఎవరికైనా అర్థమవుతుంది.

గట్టుమీద గొంతు:
ఉండి కాలువ గారూ, అంత పొడుగు వాక్యం పనికిరాదన్న మాట నిజమే. కానీ మీరు చేసిన ముక్కల్ని ఒకసారి ఆడియోగా తీసి వినండి. ఫుల్‌స్టాప్ చూడగానే సింథటిక్ గొంతు కిందికి దిగుతుంది. ఏడు ముక్కలకి ఏడుసార్లు దిగి, ఒక్కటి తప్ప అన్నీ "అండి"తోనో "చూడండి"తోనో ముగిస్తే హెచ్చరిక బోర్డు చదువుతున్నట్టే ఉంటుంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటుంది. "తగ్గితే" అన్న షరతు పోయింది. మధ్యలో వీడియో తెరిచిన రైతుకి "మేత వేయకండి" ఒక్కటే వినబడుతుంది.

అసలు వాక్యం పాడైంది మాటలు ఎక్కువై కాదు. తెలుగులో క్రియ చివర్లో వస్తుంది, ఇందులో పని ఏమిటో తెలియడానికి రైతు ఐదు పనులు మోసుకుని చివరిదాకా ఆగాలి. పైగా కామా ఒక్కటీ లేదు. కామా లేని చోట ఎక్కడ ఆగాలో ఇంజన్ తనకి తోచినట్టు తేల్చుకుంటుంది, "ఏరేటర్లన్నీ" తర్వాత ఆగి "ఆన్" దగ్గర మళ్లీ మొదలుపెట్టొచ్చు. నేను లెక్కపెట్టేది మాటల్ని కాదు. ఒక వాక్యంలో ఒక షరతు, దాని మీద ఒక పని. ఎక్కువైతే "చేసి" అని ఇంకో పని. "తే" దగ్గర కామా తప్పనిసరి, అక్కడ గొంతు పైకే నిలుస్తుంది. మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను:

"తెల్లవారుజామున మీటర్ చూడండి. డీఓ నాలుగు పీపీఎం కంటే తగ్గితే, ఆ పూట మేత వేయకండి. ఏరేటర్లన్నీ ఆన్ చేసి, గట్టు చుట్టూ ఒకసారి తిరిగి రండి. రొయ్యలు పైకి తేలుతుంటే, వెంటనే టెక్నీషియన్‌కి ఫోన్ చేయండి."

మొదటి వాక్యం మూడు మాటలు, రెండోది తొమ్మిది. ఆ ఎగుడుదిగుడు వల్లే మనిషి మాట్లాడినట్టుంటుంది.

లంక మాస్టారు:
నా బాధ వేరే. పలికినట్టే రాస్తే పిల్లల స్పెల్లింగ్ పాడవుతుంది కదండీ? మా క్లాసులో సైన్స్ వీడియో వేశాం. కింద సబ్‌టైటిల్లో "పీ హెచ్" అని వచ్చింది. సగం మంది నోట్సులో అలాగే రాశారు. మీ రైతుల వీడియో కూడా పిల్లలు చూస్తే?

గట్టుమీద గొంతు:
మాస్టారూ, మీరడిగింది పిల్లల గురించే అయినా రైతులకీ అదే చిక్కు. చాలా టూల్స్ సబ్‌టైటిళ్లు స్క్రిప్టులోంచే తీసుకుంటాయి. చెవికోసం మార్చిన స్పెల్లింగ్ కంటికి కూడా చేరుతుంది. మీటర్ మీద `DO` అని ఉంటే, తెర మీద "డీ ఓ" అని ఉంటే, రెండూ ఒకటేనని రైతు ఎలా పోల్చుకుంటాడు? ఎలా పలకాలో గొంతుకి ట్యాగులతో చెప్పే `SSML` తీసుకునే టూల్ అయితే రాతని అలాగే ఉంచి పలుకు మాత్రం మార్చొచ్చు:

```
<sub alias="డీ ఓ">DO</sub>
```

అయితే సబ్‌టైటిల్లో ఏది చూపిస్తుందో ఒక చిన్న వీడియో తీసి చూసుకోండి, అన్ని టూల్సూ ఒకలా ఉండవు. `sub` తీసుకోని టూల్‌లో ఉచ్చారణ డిక్షనరీ ఉందేమో వెతకండి. అదీ లేకపోతే పలికినట్టే రాయక తప్పదు. అప్పుడు సబ్‌టైటిల్ ఫైల్ విడిగా చేసి, మామూలు స్పెల్లింగ్‌తో ఎక్కించండి.

మార్టేరు దారి:
మాకు అక్షరాలతో కాదు, అంకెలతో తలనొప్పి. వరి విత్తనాల వీడియోలో `MTU 1121` అని రాశాం. గొంతు "వెయ్యి నూట ఇరవై ఒకటి" అంది. మా వైపు రైతు "పదకొండు ఇరవై ఒకటి" అంటాడు. 7029 కూడా అంతే, విడివిడిగా రెండు జోడీలుగా పలకాలి. `sub` పెట్టాక సర్దుకుంది. కానీ ధర 1121 రూపాయలైతే అదే అంకెని వెయ్యి నూట అనే చదవాలి. అందుకే దీన్ని డిక్షనరీలో పెట్టకుండా వచ్చిన చోటల్లా విడిగా పెడుతున్నాం.

భీమవరం బైపాస్:
వాక్యాల సంగతి అర్థమైందండీ. మరి సైగలు? మాకు టెన్షన్ అక్కడే. "మేత వేయకండి" అంటూ అవతార్ తల పైకీ కిందికీ ఊపింది, చూసినవాళ్లు నవ్వారు.

గట్టుమీద గొంతు:
సైగ ట్యాగ్‌కి మాట అర్థం తెలియదు. అది చెప్పేది "ఇక్కడ మొదలుపెట్టు" అని మాత్రమే. చేయి లేచి, ఆడి, దిగేసరికి కాసేపు పడుతుంది. ఇంగ్లిష్ స్క్రిప్టుల్లో "డోంట్" ముందే వచ్చేస్తుంది కాబట్టి అక్కడ ట్యాగ్ పెడితే చాలు. మన "కండి", "కూడదు", "వద్దు" మాట చివర్లో ఉంటాయి. వాక్యం మొదట్లో ట్యాగ్ పెడితే "తగ్గితే" దగ్గరే చేయి దిగిపోతుంది. చివర్లో పెడితే చేయి తర్వాతి వాక్యంలోకి వెళ్లి "ఏరేటర్లన్నీ" మీద అడ్డంగా ఊగుతుంది, ఏరేటర్లు వద్దన్నట్టు. నొక్కి చెప్పాల్సిన మాటకి ఒకటి రెండు మాటల ముందు పెట్టాలి. మైక్రోసాఫ్ట్ వాళ్ల అజూర్‌లో అయితే ఇలా:

```
తగ్గితే, ఆ పూట <bookmark mark='gesture.show-front-1'/> మేత వేయకండి.
```

సైగ పేర్లు ఒక్కో అవతార్‌కి ఒక్కోలా ఉంటాయి, జాబితా చూసుకుని రాయండి. అజూర్‌లో ఇవి ముందుగా తయారుచేసే వీడియోలకే పనిచేస్తాయి, లైవ్‌కి కాదు. ప్రతి వాక్యానికీ ఒకటి పెట్టకండి, మొదటి సైగ ముగియకుండానే రెండోది వచ్చి పడుతుంది. మీ నాలుగు వాక్యాల్లో నాకు ఒక్కటే కావాలి, మేత దగ్గర. ఆ వీడియోని సౌండ్ ఆపేసి చూడండి. చేతులు చూసి ఏది వద్దంటున్నారో తెలియకపోతే ట్యాగ్ తప్పు చోట ఉన్నట్టే.

పాత మైకు:
ఒక్కటి కూడా వద్దంటాను నేను. రేడియోలో మేము చేతులు చూపించామా? గొంతు సరిగ్గా ఉంటే చాలు. అదే సరిగ్గా లేదిక్కడ. "చలి", "చుక్క" అంటే మన నోట్లో చ దంత్యంగా పలుకుతుంది, ఈ గొంతులు "చేప"లోని చ లాగా పలుకుతాయి. కోనసీమలో ఏ ముసలాయనైనా వినగానే పరాయి గొంతని పట్టేస్తాడు.

భీమవరం బైపాస్:
చేతులు పూర్తిగా తీసేస్తే మా పెద్దవాళ్లు ఊరుకోరండీ, బొమ్మ బిగుసుకుపోయిందంటారు. ఆ ఒక్క సైగా ఉంచుతాం. చ సంగతికి ఏదైనా మందుందా?

గట్టుమీద గొంతు:
మైకు గారు చెప్పింది నిజం, నా దగ్గర పూర్తి మందు లేదు. దంత్య చకారానికి ౘ అనే అక్షరం యూనికోడ్‌లో ఉంది, కానీ దాన్ని గొంతు సరిగ్గా పలుకుతుందన్న భరోసా లేదు. కొన్ని గొంతుల్లో మాట మొత్తం దెబ్బతినొచ్చు. "త్స" అని `alias`లో రాస్తే కొంచెం దగ్గరకొస్తుంది, కానీ "త్సలి"లో త విడిగా కొట్టినట్టు వినబడుతుంది. ధ్వనిని గుర్తులతో రాసిచ్చే `phoneme` ట్యాగ్ ఉందిగానీ, అన్ని గొంతులూ దాన్ని పట్టించుకోవు.

పాత మైకు:
అయితే ఆ మాటలు రాకుండా రాయండి. "చలి" బదులు "శీతాకాలం" అనొచ్చు.

ఉండి కాలువ:
రైతుకి చలి అనకుండా శీతాకాలం అంటే, గొంతు ఒక్కటే కాదు, మాట కూడా పరాయిదైపోతుంది కదండీ.