అప్‌డేట్: టీషర్ట్ బట్ట మీద కుట్లు తప్పడం ఆగింది

నా ప్రశ్న: జీన్స్ బాగానే కుట్టే మెషిన్ టీషర్ట్ బట్ట మీద కుట్లు ఎందుకు వదిలేస్తోంది?

దారం టెన్షన్ ఎంత తిప్పినా లాభం లేదు, తేడా అంతా సూదిలోనే ఉంది. జీన్స్‌కు పెట్టిన 16 నంబర్ సూది మొన వాడిగా ఉంటుంది కదా, అది అల్లిక బట్ట దారాన్ని పొడిచేస్తోంది, పైకి లేచేటప్పుడు బట్ట కూడా సూదితోపాటే లేస్తోంది, దాంతో సూది వెనక దారం లూప్ సరిగా విచ్చుకోక కింది హుక్‌కు అందట్లేదు. నల్గొండ గడియారం సెంటర్ దగ్గర 11 నంబర్ బాల్ పాయింట్ సూది తెచ్చి పెట్టా. మొన గుండ్రం కాబట్టి పోగుల మధ్య నుంచి జారిపోతుంది.

దారం మాత్రం పాలిస్టర్‌దే, కుట్టు సన్నటి జిగ్‌జాగ్. కాటన్ దారంతో కుట్టిన మెడపట్టీ తల దూర్చగానే పటుక్కుమంది.

అమ్మ పోచంపల్లి పట్టు జాకెట్‌కు మాత్రం ఈ సూది వద్దు, దానికి 9 నంబర్ వాడి సూదే.