దారా, ధారా? మసి పోయిన తాటాకు మీద ఒక ఒత్తు గొడవ

పద్యపిచ్చి: స్నేహితుల ఇంట్లో ఉన్న తాటాకు కట్టలోంచి ఒక కందపద్యం ఎత్తి రాసుకుంటున్నాను. రెండో పాదం మొదట్లో "దారను విడిచె" అని ఉందో "ధారను విడిచె" అని ఉందో తేలడం లేదు. ఎవరు విడిచారో చెప్పే ముక్క మొదటి పాదం చివర ఆకుతో పాటే విరిగిపోయింది. పెళ్లాన్ని వదిలేశాడా, మబ్బు వాన కురిసిందా అన్నది ఆ ఒక్క ఒత్తు చెప్పాలి. ఛందస్సేమో చేతులెత్తేసింది: గణాలు రెంటికీ ఒకటే, ప్రాస రకారం మీద పడింది, యతి దగ్గర "తాపము" ఉంది, త థ ద ధలకు ఎలాగూ యతిమైత్రి ఉంది. పైగా తాపం విరహానికీ సరిపోతుంది, ఎండకీ సరిపోతుంది!

ఆకు మీద మసి పూర్తిగా పోయి గంటం గీతలే మిగిలాయి. మామూలుగా ఫోటో తీస్తే గోధుమరంగు పట్టీ తప్ప ఏమీ రాలేదు. చీకటి గదిలో ఆకు పైఅంచు వైపు నుంచి టార్చి బాగా వాల్చి తీస్తే అక్షరాలు లేచాయి, దకారం కింద మాత్రం ఏమీ లేదు. "దార" అని రాసేసుకోనా?

నిఘంటు_ప్రియ: దార అంటే భార్య అండీ. సంస్కృతంలో ఈ మాట పుంలింగం, అదీ బహువచనంలోనే వస్తుంది, దారాః అని. చాలామందికి తెలియదు. ధార అంటే ప్రవాహం, కత్తి అంచు కూడా. రెండూ సరైన మాటలే.

పద్యపిచ్చి: అర్థాలతో పేచీ లేదండీ, ఆకు మీద ఏం గీశాడన్నదే నా ప్రశ్న.

గంటం: అప్పుడే రాసేయకండి. వెలుగు ఏ దిక్కు నుంచి వస్తుందో ఆ దిక్కుగా సాగే గీతకు నీడ పడదు, దానికి అడ్డంగా ఉన్న గీతకే పడుతుంది. మీరు పైఅంచు నుంచి వేశారు, ధకారం ఒత్తేమో నిలువు గీత, అంటే వెలుగు దాని పొడవునా జారిపోయింది. అక్కడ నిజంగా ఒత్తు ఉన్నా ఆ ఫోటోలో కనపడకపోవచ్చు. ఇంకో చిక్కు కూడా ఉంది. తాటాకు ఈనెలు పొడవునా సాగుతాయి కాబట్టి పైనుంచి వెలుగు పడితే అవన్నీ అడ్డగీతల్లా లేచి అక్షరాల్లో కలిసిపోతాయి.

ఈసారి ఎడమ కొస నుంచి వెయ్యండి. కెమెరా నేరుగా ఆకు పైన స్టాండు మీద ఉండాలి, దాన్ని అసలు కదపకూడదు. టార్చి ఆకు తలానికి పది పదిహేను డిగ్రీలకు మించి లేవకూడదు, వీలైనంత దూరంగా ఉండాలి, దగ్గర పెడితే ఆ కొస తెల్లబడి రెండో కొస చీకటవుతుంది. ఆకు పక్కన ఒక గుండుసూది తల పెట్టండి, తర్వాత ఫోటో చూసేటప్పుడు వెలుగు ఎటునుంచి వచ్చిందో దాని నీడ చెబుతుంది. ఇది లేకపోతే కన్ను మోసపోయి గాడిని గట్టులా చూస్తుంది.

రాతిరాత: మా ఊరి గుడి దగ్గర శాసనానికి ఇంత తంతు లేదు. సాయంత్రం ఎండ పక్కగా పడ్డప్పుడు వెళ్తే దానంతట అదే చదవొచ్చు. ఎవరో పుణ్యాత్ములు అక్షరాల్లో సుద్ద రుద్దారు, మిగతా పంక్తులు కూడా తేలిగ్గా చదివేశాం. తాటాకుకి కూడా పసరు, మసి రుద్దితే సరిపోదా? పూర్వం చేసింది అదేగా.

గంటం: పూర్వం చేశారు, నిజమే. ఇప్పటికీ పరిరక్షణ తెలిసినవాళ్లు మసి మళ్లీ ఎక్కిస్తారు. కానీ మసికి గంటం గాడి, గీరుకుపోయిన గాడి అన్న తేడా తెలియదు, రెంటిలోనూ నిండుతుంది, ఆ తర్వాత రెండూ నల్లగీతలే. ఫోటోలు తీయకముందు వద్దు, అదీ వేరేవాళ్ల కట్ట. మీ శాసనంలో సుద్ద సంగతీ అంతే, రుద్దినవాడు ఎలా చదివాడో మీరూ అలాగే చదివారు, రాయిని కాదు.

రాతిరాత: అది కాస్త గుచ్చుకుంది కానీ, ఒక సున్నా విషయంలో నాకూ అనుమానమే. చుక్కా, రాతి గుంటా అని.

నీలికాంతి: ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో తీయించండి, నల్లబడిన ఆకుల మీద అక్షరాలు స్పష్టంగా వస్తాయి. నేను చూశాను.

గంటం: మసి ఉన్న ఆకుల మీద చూసుంటారు. మసి అంటే బొగ్గే కదా, ఇన్‌ఫ్రారెడ్‌లోనూ నల్లగా ఉంటుంది, నల్లబడిన ఆకు తేలిపోతుంది, అందుకే విడిగా కనపడుతుంది. ఇక్కడ మసే లేదు. గాడి ఒక్కటే ఉంది, దానికి పక్కవెలుగే మార్గం.

పద్యపిచ్చి: ఎడమ కొస నుంచి తీశాను. ఈనెలు దాదాపు మాయమయ్యాయి, దకారం కింద చిన్న నిలువు గీత తేలింది! కాంట్రాస్ట్ పెంచితే ఇంకా బాగా వచ్చింది. కానీ ఇప్పుడు పక్క అక్షరాల కింద కూడా నిలువు గీతల్లాంటివి కనపడుతున్నాయి, అన్నీ తిన్నగా, ఒకే ఎడంలో. టెన్షన్ మొదలైంది.

గంటం: కాంట్రాస్ట్ పెంచింది ఏ ఫైలుకి? వాట్సాప్‌లో వచ్చిన దానికా?

పద్యపిచ్చి: అవును, స్నేహితుడి ఫోన్‌తో తీసి పంపించుకున్నాం.

గంటం: అదే సంగతి. జేపెగ్ బొమ్మను ఎనిమిదేసి పిక్సెళ్ల గళ్లుగా కోసి కుదిస్తుంది. కాంట్రాస్ట్ లాగితే ఆ గళ్ల అంచులు కూడా లేస్తాయి, అవి తిన్నటి నిలువు గీతలే, మన ఒత్తూ నిలువు గీతే. ఎనిమిది పిక్సెళ్లకోసారి వస్తుంటే అది ఆకు మీదది కాదు. ఫోన్ నుంచి అసలు ఫైలు తెచ్చుకోండి, కుదిరితే రా ఫైలు. ఒత్తు మిల్లీమీటరు ఉంటే ఆరువందల డీపీఐ దగ్గర ఇరవై నాలుగు పిక్సెళ్ల పొడవు వస్తుంది, అంతకంటే తక్కువైతే వాదించుకోవడానికే పనికొస్తుంది.

తర్వాత కెమెరా కదపకుండా కుడి కొస నుంచి ఇంకో ఫోటో తీసి, ఫిజీ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో ఒకదాంట్లోంచి ఒకటి తీసేయండి: `Process > Image Calculator`, అందులో `Subtract`, కింద `32-bit (float) result` టిక్ పెట్టాలి. మరక రెండు ఫోటోల్లోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి పోతుంది, ఎత్తుపల్లాలు మిగులుతాయి. కాంట్రాస్ట్ పని దాని మీదే చెయ్యండి, `Process > Enhance Local Contrast (CLAHE)`, అదీ కొద్దిగా.

విడివిడి ఫోటోల్లో ఇంకొకటి చూడండి. ఎడమ నుంచి వెలుగు పడ్డప్పుడు గాడికి ఎడమ గోడ చీకటిగా, కుడి గోడ మెరుస్తూ ఉంటుంది. గట్టుకి దీనికి తిరకాసు. కుడి నుంచి వేస్తే ఆ వరస తారుమారవ్వాలి. అవ్వకపోతే అది మరక.

పద్యపిచ్చి: అసలు ఫైళ్లతో చేశాను. ఆ గళ్లు పోయాయి, దకారం కింద గీత నిలిచింది. ఎడమ వెలుగులో ఎడమ పక్క నలుపు, కుడి వెలుగులో కుడి పక్క నలుపు. గాడే. "ధార" అన్నమాట!

నీలికాంతి: ఆకు పగులు కూడా గాడే కదా.

గంటం: మంచి మాట. కాకపోతే తాటాకు ఈనె వెంట పొడవునా చీలుతుంది, ఇది దానికి అడ్డంగా ఉంది, కాబట్టి పగులు అనుకోను. నా అనుమానం వేరు. కింది పంక్తి చాలా దగ్గరగా ఉంది, సరిగ్గా ఆ గీత కింద ఏ అక్షరం ఉంది?

పద్యపిచ్చి: "కి". గుడి కొస కాస్త పైకి లాగాడు.

గంటం: ఆ కొస ఈ గీతను తాకుతోందా, మధ్యలో ఖాళీ ఉందా? అదే ఆకులో ఇదే చేతి ధకారాలు ఇంకా ఉంటే వాటి ఒత్తు పొడవు, వాలు కూడా పోల్చండి.

పద్యపిచ్చి: ఖాళీ ఉందనిపిస్తోంది కానీ ఒకటి రెండు పిక్సెళ్లే. ధకారాలంటే, "బుధులు" దగ్గర ఒత్తు స్పష్టంగా ఉంది, పొడవు దాదాపు ఇంతే. "విధి" దగ్గర రెండు వైపుల నుంచీ వెలుగు వేసినా ఒత్తు లేదు.

నిఘంటు_ప్రియ: అంటే రాయసగాడు ఒత్తులు ఎగ్గొట్టే రకం. అలాంటప్పుడు ఉన్న ఒత్తు నమ్మొచ్చు, లేనిది నమ్మలేం.

గంటం: ఆ గీత ఒత్తే అయితే ఒప్పుకుంటాను. గుడి కొస అయితే మళ్లీ మొదటికే వచ్చాం, ఎందుకంటే ఇతను ధార అనుకుని కూడా దార అని రాయగలడు. ఆ ఒక్క చోటే మాక్రో లెన్సుతో, ఎడమ పైమూల నుంచి ఐమూలగా వెలుగు వేసి తీయండి, అలాగైతే నిలువు గీతా, గుడి వంపూ రెండూ ఒకే ఫోటోలో పడతాయి.

పద్యపిచ్చి: లెన్సు అడిగి తెస్తాను. అప్పటిదాకా ధకారం పక్కన ప్రశ్నార్థకం పెట్టి రాస్తున్నాను.

రాతిరాత: గంటం గారూ, నా సున్నా సంగతి కూడా చెబుదురూ. రాతి మీద చుక్కకి ఎటునుంచి వెలుగు వేసినా నీడ పడుతుంది కదా, మరి గుంటకీ చుక్కకీ తేడా ఎలా?